వెరిఫికేషన్ ఫారం నింపకముందే

విజయనగరం

అల్లుడూ,

కొత్త కంపెనీ ఆఫర్ ఇచ్చి వెరిఫికేషన్ ఫారం నింపమందన్నావు కదా. నువ్వు పంపిన రెజ్యూమే, పాత కంపెనీ రిలీవింగ్ లెటరు పక్కపక్కన పెట్టుకుని చూశాను. "కాస్త ఎక్కువ రాశాను మామయ్యా" అన్నావు గానీ, కాస్తంటే ఎంతో ముందు తేలాలి. రెజ్యూమేలో, ఆన్‌లైన్ ప్రొఫైల్లో 2022 జనవరి నుంచి 2024 మే దాకా అని ఉంది, అంటే 29 నెలలు. లెటర్లో 2022 జూలై నుంచి 2024 జనవరి దాకా, 19 నెలలే. తేడా పది. అందులో ముందు ఆరు నెలలు ఇంటర్న్‌షిప్, చివరి నాలుగూ ఖాళీగా ఉన్నవి. ఈ రెంటినీ ఒకే గాటన కట్టకు. ఇంటర్న్‌షిప్ నువ్వు నిజంగా చేసిన పనే, పేరు మార్చి రాశావంతే. ఆ నాలుగు నెలలు మాత్రం లేని ఉద్యోగం.

ఇది ఎక్కడ దొరుకుతుందో చెప్తాను. ఈపీఎఫ్ఓ మెంబర్ పోర్టల్లో నీ యూఏఎన్‌తో లాగినై View కింద Service History తెరువు. ప్రతి కంపెనీకీ చేరిన తేదీ, మానేసిన తేదీ అక్కడుంటాయి. వెరిఫికేషన్ చేసేవాళ్ళు నీ దగ్గర సమ్మతి తీసుకుని చాలాసార్లు చూసేది దీన్నే. స్టైపెండ్ మీద నీకు పీఎఫ్ కట్టలేదు కాబట్టి ఆ ఆరు నెలలు అందులో కనబడవు. అక్కడి తేదీలు రిలీవింగ్ లెటరుతో కలవకపోతే ఇప్పుడే రాసి పెట్టుకో. పాత కంపెనీ తేదీ తప్పుగా ఎక్కించిన సందర్భాలు ఉంటాయి. అప్పుడు మొదటి, చివరి నెలల పే స్లిప్పులు నీకు ఆధారం.

ఇక వరస ముఖ్యం. చాలామంది ముందు ఆన్‌లైన్ ప్రొఫైల్ గుట్టుగా మార్చేసి, ఫారంలో సరైన తేదీలు నింపేసి, పని అయిపోయిందనుకుంటారు. కానీ ఇంటర్వ్యూకి పంపిన రెజ్యూమే హెచ్‌ఆర్ దగ్గర అలాగే ఉంటుంది. ఫారం ఒకటి, రెజ్యూమే ఇంకొకటి చెప్తుంటే, దాచబోయి దొరికినట్టే లెక్క. కాబట్టి ముందు హెచ్‌ఆర్‌కి మెయిల్, తర్వాత ప్రొఫైల్, ఆ తర్వాతే ఫారం. ఫారం చివర "పై వివరాలు నిజం" అని ఒప్పుకునే గడి ఉంటుంది. తప్పు తేదీలతో అది నొక్కావంటే రెజ్యూమేలో గొప్పకి రాసిన మాట కాస్తా అబద్ధపు ప్రకటన అవుతుంది.

మెయిల్ పొడుగు వద్దు, అయిదారు వాక్యాలు చాలు. ఇంగ్లీషులోనే రాస్తావు, అందులో ఉండాల్సింది ఇదీ: "నా రెజ్యూమేలో మొదటి ఉద్యోగం తేదీలు తప్పుగా ఇచ్చాను. సరైనవి 2022 జూలై నుంచి 2024 జనవరి. అంతకు ముందు ఆరు నెలలు అక్కడే ఇంటర్న్‌ని. 2024 ఫిబ్రవరి నుంచి మే వరకు ఉద్యోగం లేదు. సరిచేసిన రెజ్యూమే, రిలీవింగ్ లెటరు జతచేశాను. దీనివల్ల ఆఫర్లో మార్పు ఉంటే తెలియజేయండి." ఆ చివరి వాక్యం రాయడానికి చెయ్యి రాదు, నాకు తెలుసు. అయినా తియ్యకు. నీకు జీతం కట్టింది ఆ 29 నెలలు లెక్కేసుకునే కదా. "టైపింగ్ పొరపాటు" అని మాత్రం రాయకు. పది నెలలు టైపింగ్‌లో పెరగవు.

జవాబు వచ్చేదాకా ఇప్పటి ఉద్యోగానికి రాజీనామా పెట్టకు. జీతం తగ్గించొచ్చు, ఆఫర్ వెనక్కీ తీసుకోవచ్చు, వాళ్ళిష్టం. రెంటికీ చెడకూడదంటే ఇదొక్కటే దారి. డబ్బిస్తే ఆ పది నెలలకీ లెటరు పుట్టిస్తామనేవాళ్ళు తగులుతారు, వాళ్ళ గుమ్మం తొక్కకు. తప్పు తేదీకి దొంగ కాగితం తోడైతే నేను చెప్పిన మెయిల్ ఏదీ నిన్ను కాయలేదు.

తర్వాత ఫోన్ వస్తుంది. "ముందే ఎందుకు చెప్పలేదు?" అంటారు. "ఖాళీ కనబడితే ఇంటర్వ్యూకి పిలవరేమోనని కలిపి రాశాను, తప్పు నాదే" అని ఊరుకో. కన్సల్టెన్సీ వాళ్ళు రాయమన్నారనకు. ఆ తర్వాత వాళ్ళు మాట్లాడేదాకా మౌనంగా ఉండు. ఆ మౌనం భరించలేక కొత్త కారణాలు చెప్పేవాళ్ళే ఎక్కువ ఇరుక్కుంటారు. "ఆ నాలుగు నెలలు ఏం చేశావు?" అంటే ఉన్నదే చెప్పు, ఉద్యోగం వెతుక్కున్నానని. కోర్సు చేశానంటే సర్టిఫికెట్ అడుగుతారు. "ఇంకేమైనా ఉందా?" అనీ అడుగుతారు. నీ రెజ్యూమేలో "టీమ్ లీడ్" అని చూశాను, లెటర్లో ఆ హోదా లేదు. అదీ ఈ మెయిల్లోనే దిద్దు. రెండోసారి దిద్దుబాటు పంపితే మొదటిదాన్నీ నమ్మరు.

వెరిఫికేషన్ ఏజెన్సీ మనిషి విడిగా ఫోన్ చేస్తే తేదీలు మెయిల్లో ఉన్నవే చెప్పు, కథంతా విప్పక్కర్లేదు. హెచ్‌ఆర్ ఫోన్లో "పర్లేదులే" అన్నా, ఆ మాట మెయిల్లో పెట్టించుకో. రేపు రిపోర్టులో తేడా అని వస్తే చూపించడానికి నీ దగ్గర ఉండేది అదే.

మెయిల్ రాశాక పంపేముందు నాకొకసారి చూపించు. రాత్రి తొమ్మిది దాటాక ఖాళీయే.

మీ మామయ్య