టెక్ సందేహాలు: గేటు వదిలేది పొగను, వాల్వు వదిలేది గాలిని

ప్రశ్న: మాది నల్గొండ. మూడేళ్ల టర్బో పెట్రోల్ కారు ఉంది. నార్కట్‌పల్లి దాటాక లారీని ఓవర్‌టేక్ చేయబోతే బండి లాగలేదు, ఇంజిన్ లైటు వెలిగింది. ఆన్‌లైన్‌లో కొన్న బ్లూటూత్ స్కానర్ P0299 అని చూపింది. ఒక మెకానిక్ వేస్ట్‌గేట్ పోయింది, టర్బో మొత్తం మార్చాలన్నారు. ఇంకొకరు బ్లో ఆఫ్ వాల్వ్ వేయించి, సాఫ్ట్‌వేర్ మార్పిస్తే పికప్ వస్తుందంటున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: ప్రస్తుతానికి ఇద్దరి మాటా వద్దు. టర్బో నుంచి తాను అడిగినంత ఒత్తిడి రావడం లేదని ఇంజిన్ కంప్యూటర్ పెట్టుకున్న ఫిర్యాదే P0299. తప్పు ఏ భాగానిదో ఆ కోడ్ చెప్పదు. ఇదే కోడ్‌తో ఈ మధ్య సూర్యాపేట నుంచి, జడ్చర్ల నుంచి కూడా ఉత్తరాలు వచ్చాయి. అన్నిటిలోనూ ఒకటే గందరగోళం: వేస్ట్‌గేట్‌నూ బ్లో ఆఫ్ వాల్వ్‌నూ కలిపేసి మాట్లాడటం.

మీరు నాగార్జునసాగర్ చూసే ఉంటారు. విద్యుత్ కేంద్రంలోకి మళ్లిన నీరు టర్బైన్లను తిప్పుతుంది. వరద వచ్చినప్పుడు ఎత్తే 26 క్రెస్ట్ గేట్ల మీదుగా దూకే నీరు ఏ టర్బైన్‌నూ తాకకుండా నేరుగా కృష్ణలో పడుతుంది. వేస్ట్‌గేట్ చేసేది ఇదే పని. ఇంజిన్ నుంచి వచ్చే వేడి పొగ టర్బో చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రం ఇరుసుకు రెండో కొసన ఉన్న కంప్రెసర్ బయటి గాలిని నొక్కి ఇంజిన్‌లోకి పంపుతుంది. గాలి పెరిగితే దానికి తగ్గ పెట్రోలు, పెట్రోలు పెరిగితే ఇంకా ఎక్కువ పొగ, ఆ పొగతో చక్రానికి ఇంకా వేగం. ఈ చుట్టును ఎక్కడో తెంపకపోతే చిన్న టర్బో నిమిషానికి రెండు లక్షల చుట్లు దాటి బేరింగులైనా పోగొట్టుకుంటుంది, ఇంజిన్ పిస్టన్లనైనా పోగొడుతుంది. అందుకే చక్రానికి ముందే పక్కదారి, ఆ దారికి ఒక రేకు తలుపు. తలుపు తెరిస్తే కొంత పొగ చక్రాన్ని తప్పించుకుని సైలెన్సర్ వైపు పోతుంది. బయటికి చప్పుడేమీ వినిపించదు. ‘వేస్ట్‌గేట్ సౌండ్’ అంటూ ఫోన్లలో తిరిగే వీడియోల్లో చాలావరకు వినిపించేది వేరే భాగం.

ఆ వేరే భాగమే బ్లో ఆఫ్ వాల్వ్. దాని సంగతి నల్గొండ బత్తాయి రైతుకు నేను చెప్పనక్కర్లేదు. డ్రిప్‌కు నీళ్లు పారుతుండగా మోటారు ఆపకుండా తోటవైపు వాల్వ్ మూసేస్తే ఒత్తిడి పెరిగి పైపుల అతుకులు ఊడతాయి. అందుకే మోటారు దగ్గర బైపాస్ పెట్టి, ఎక్కువైన నీటిని తిరిగి తొట్టిలోకో బావిలోకో వదులుతారు. కారులో మీరు యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారికున్న తలుపు, అంటే త్రాటిల్, మూసుకుంటుంది. టర్బో చక్రం మాత్రం అదే వేగంలో ఉండి గాలిని తోస్తూనే ఉంటుంది. దారి మూసుకున్న గాలి వెనక్కి తిరిగి కంప్రెసర్ రెక్కలను ఎదురు కొడుతుంది. పావురం రెక్కలు కొట్టుకున్నట్టు వినిపించే ఆ చప్పుడు రోజూ వస్తుంటే బేరింగుకు మంచిది కాదు. ఆ క్షణంలో కంప్రెసర్‌కూ త్రాటిల్‌కూ మధ్య చిక్కుకున్న గాలిని వదిలేదే ఈ వాల్వు. అంటే వేస్ట్‌గేట్ పని కాలు నొక్కి ఉన్నప్పుడు, దీని పని కాలు తీసినప్పుడు.

కంపెనీ నుంచి వచ్చిన కారులో సాధారణంగా ఆ గాలి మన డ్రిప్ బైపాస్‌లా తిరిగి టర్బో ముందున్న గొట్టంలోకే వెళ్తుంది. దీనిని డైవర్టర్ వాల్వ్ అంటారు. దుకాణాల్లో అమ్మే ‘ఉస్స్’ రకం దానిని బయటికి వదిలేస్తుంది. మీ కారులో లోపలికి వచ్చే గాలిని కొలిచే సెన్సర్ ఉంటే, ఆ గాలి అప్పటికే లెక్కలో పడి ఉంటుంది, కంప్యూటర్ దానికి తగ్గ పెట్రోలు పోస్తుంది. గాలి మాత్రం ఇంజిన్‌కు చేరదు. కాలు తీసిన ప్రతిసారీ పెట్రోలు వాసన, కుదుపు. పైగా స్ప్రింగు బలం తక్కువైన వాల్వు ఇంజిన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు కొద్దిగా తెరుచుకుని, ఫిల్టర్ దాటని గాలిని లోపలికి పీల్చుకుంటుంది. గ్రానైట్ లారీల వెనక వెళ్లే మన రోడ్లలో ఆ గాలిలో ఏముంటుందో మీకు తెలుసు.

ఇక మీ P0299. పోయిన వేసవిలో దేవరకొండలో మా బావమరిది కారుకు ఇదే వచ్చింది. ఏం చేశామో వరసగా చెబుతాను.

ముందు స్కానర్‌లో కోడ్ వదిలేసి లైవ్ డేటా తెరిచాం. ఇంజిన్ ఆపి తాళం మాత్రం తిప్పితే, ఇంజిన్‌కు గాలి పంచే గొట్టమైన మానిఫోల్డ్‌లో ఒత్తిడి సుమారు 96 కిలోపాస్కల్ చూపింది. ఇది బయటి గాలి ఒత్తిడే, కాబట్టి సెన్సర్ సరిగానే ఉందని అర్థం. తర్వాత ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో 2,500 చుట్ల దగ్గర పూర్తిగా తొక్కాడు. అంకెలు చూసింది పక్క సీటులో ఉన్న నేను. కంప్యూటర్ అడిగింది 190, వచ్చింది 130. అదే సమయంలో అది వేస్ట్‌గేట్‌ను దాదాపు పూర్తిగా మూయమని ఆజ్ఞ ఇస్తోంది. అంటే గేటు ఆ ఆజ్ఞ విననైనా వినడం లేదు, లేదా నొక్కిన గాలి దారిలో ఎక్కడో కారిపోతోంది.

గేటు పరీక్ష సులువు. ఇంజిన్ బాగా చల్లారాక, గేటును కడ్డీతో కదిలించే యాక్చుయేటర్ గొట్టం తీసి, మీటరున్న కాలి పంపుతో నెమ్మదిగా గాలి ఎక్కించాం. అర బార్ దగ్గర కడ్డీ కదలడం మొదలైంది, గాలి వదలగానే వెనక్కి వెళ్లి గట్టిగా ఆగింది. టైరుకు పట్టే గాలిలో నాలుగో వంతు కూడా కాదది. ఒక బార్ దాటించవద్దు, లోపలి డయాఫ్రమ్ చిరుగుతుంది. మా బావమరిది కారు గేటు బాగానే ఉందని తేలింది. అది సగం తెరిచి ఇరుక్కుపోయి ఉంటే కడ్డీ కదలదు, లేదా పూర్తిగా వెనక్కి రాదు. అప్పుడు మీ మొదటి మెకానిక్ మాట సగం నిజమయ్యేది. ఎందుకు సగమంటే, యాక్చుయేటర్ విడిగా దొరికే కార్లూ ఉన్నాయి.

తర్వాత డైవర్టర్ వాల్వ్ విప్పాం. మూడు బోల్టులు. దాని పైనున్న సన్నటి ముక్కుకు గొట్టం తగిలించి నోటితో పీల్చి నాలుకతో మూస్తే లోపలి రబ్బరు పొర ఆ పీల్పును పట్టి ఉంచాలి. పట్టలేదు. వేడికీ ఆయిల్ ఆవిరికీ పొర అంచున గోరంత చిరిగింది. నొక్కిన గాలి ఆ చిరుగులోంచి మళ్లీ టర్బో నోటి వైపు జారిపోతోంది. కొత్త వాల్వు వేశాక అదే రోడ్డులో 188 వచ్చింది. టర్బో ధరలో అది చిల్లర ఖర్చు. మీ కారులో ఈ భాగాలు కరెంటుతో కదిలే రకమైతే పంపు, నోరు పనికిరావు. వాటిని స్కానర్‌తోనే కదిలించి చూడాలి.

సాఫ్ట్‌వేర్ సలహా ఎందుకు ప్రమాదమో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఆ ఫైలు చేసే పని అడిగే ఒత్తిడిని పెంచడం, గేటును ఇంకాసేపు మూసి ఉంచడం, చాలాసార్లు హెచ్చరిక హద్దునూ పైకి జరపడం. చిరిగిన వాల్వు అలాగే ఉండగా ఇది చేస్తే, కారిపోయే గాలిని కూడా భర్తీ చేయడానికి టర్బో మామూలుకన్నా వేగంగా తిరగాల్సి వస్తుంది. లైటు ఆరుతుంది, పికప్ వచ్చినట్టే ఉంటుంది, బేరింగు లోలోపల అరుగుతుంది. ఆ ఫైలు ఎవరు రాశారని అడిగితే వాట్సాప్ గ్రూపులో వచ్చిందని చెప్పినవారు ఇద్దరు నాకు తెలుసు. పాత ఫైలు భద్రపరిచారా అంటే ఇద్దరూ మొహాలు చూసుకున్నారు.

నాకు అంతకన్నా పెద్ద భయం మీ ఉత్తరంలో ఒక్క మాటలో దొర్లిపోయింది. ఆ బ్లూటూత్ స్కానర్ ఇంకా కారులోనే గుచ్చి ఉందా? చాలా కార్లలో స్కానర్ గుచ్చే ఓబీడీ పోర్టుకు తాళం తీసినా కరెంటు వస్తూనే ఉంటుంది. చవక స్కానర్ల పిన్ 1234, లేదా 0000. కొన్నిటికి అసలు పిన్నే లేదు. బండి బస్టాండ్ పక్కన నిలిపి ఉన్నా, దగ్గర్లో ఫోను పట్టుకున్న ఎవరైనా దానితో కలవవచ్చు. ఆ పోర్టు చదవడానికే కాదు, రాయడానికి కూడా. 2015లో శాన్ డియెగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఓబీడీ పోర్టులో గుచ్చిన ఒక పరికరానికి ఎస్సెమ్మెస్‌లు పంపి, తక్కువ వేగంలో కారు బ్రేకులు పడేలానూ, పనిచేయకుండానూ చేసి చూపించారు. అది సిమ్ ఉన్న పరికరం, మీది బ్లూటూత్ కాబట్టి ముప్పు కొన్ని మీటర్లకే పరిమితం. అయినా పని అయిపోగానే పీకి డాష్‌బోర్డు అరలో పడేయండి. స్కానర్‌తో పాటు వచ్చిన క్యూఆర్ కోడ్ నుంచి ఏపీకే ఫైలు ఎక్కించి ఉంటే తీసేయండి. ఒత్తిడి అంకె చూపడానికి యాప్‌కు మీ కాంటాక్టులు, ఎస్సెమ్మెస్‌లు ఎందుకు?

అసలు ఈ స్కానర్ కొనాల్సిన గతి మనకెందుకు పట్టిందో కూడా అడగాలి. కారు మధ్యలో పది అంగుళాల తెర పెట్టారు. దాని మీద పాటలు, మ్యాపులు, రంగులు మారే లైట్ల మెనూ ఉన్నాయి. ‘టర్బో ఒత్తిడి తక్కువగా ఉంది’ అనే ఒక్క వాక్యానికి చోటు లేదు, పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలిగించి సరిపెట్టారు. పోర్టును ఎవరు తాకారో చెప్పే నోటిఫికేషన్ కూడా ఉండదు. కొన్ని కార్లు లేని ఇంజిన్ మోతను స్పీకర్లలో వినిపిస్తాయి, ఉన్న జబ్బును మాత్రం చెప్పవు.

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్. డీజిల్ ఎస్‌యూవీకి బ్లో ఆఫ్ వాల్వ్ కిట్ వేయిస్తే టర్బో జీవితం పెరుగుతుందని దుకాణదారు చెప్పాడు. నిజమా?

జవాబు: డీజిల్ ఇంజిన్‌లో కాలు తీసినప్పుడు తగ్గేది డీజిల్. పెట్రోల్ కారులోలా గాలి దారికి తలుపు టక్కున పడదు. కొత్త డీజిళ్లలో ఉండే త్రాటిల్‌కు పొగను తిరిగి లోపలికి పంపడం, ఇంజిన్‌ను కుదుపు లేకుండా ఆపడం లాంటి వేరే పనులున్నాయి. కాబట్టి అక్కడ వదిలేయాల్సిన గాలి సాధారణంగా చిక్కుకోదు. ఆ కిట్లు చాలావరకు ఒక స్విచ్ పెట్టి, పెడల్ వదిలినప్పుడు మంచి గాలిని కావాలని బయటికి వదిలి చప్పుడు చేయిస్తాయి. వేయించాక మానిఫోల్డ్ గొట్టం మీద కొత్త అతుకు ఒకటి మిగులుతుంది. ఆరు నెలలకు అది వదులైతే మీకూ P0299 వస్తుంది.