పాత ఫోను పాలకొల్లులో, చాట్లు డాలస్‌లో కావాలంటే

ఎన్నారై సందేహాల్లో తరచూ వచ్చేదే ఇది. వాట్సాప్‌కి గూగుల్ డ్రైవ్ బ్యాకప్ పెట్టలేదు. పాత ఆండ్రాయిడ్ ఫోను, ఇండియా సిమ్ము పాలకొల్లులో అమ్మగారి దగ్గరున్నాయి. ఇక్కడ కొత్త ఆండ్రాయిడ్‌లో అమెరికా నంబరుతో వాట్సాప్ తెరిస్తే అంతా ఖాళీ. కంగారు పడకండి. డ్రైవ్‌లో లేకపోయినా వాట్సాప్ రోజూ తెల్లవారుజామున 2 గంటలకి ఫోనులోనే ఒక కాపీ రాసుకుంటుంది. పాత ఫోనులో వాట్సాప్ తీసేయకుండా, రీసెట్ కొట్టకుండా ఉంటే చాలు. మేనల్లుడికి ఇచ్చేద్దామంటే మాత్రం ఆగమనండి.

ముందు అమ్మగారి చేత పాత ఫోనులో సెట్టింగ్స్, చాట్స్, చాట్ బ్యాకప్‌లోకి వెళ్ళి 'బ్యాకప్' నొక్కించండి. ఈ పని మొదట అవ్వాలి, ఎందుకంటే అదే నంబరుతో మీరిక్కడ వాట్సాప్ తెరవగానే అక్కడ లాగౌట్ అయిపోతుంది. తర్వాత ఫైల్స్ యాప్‌లో ఈ ఫోల్డర్ వెతికించండి:

```
Android/media/com.whatsapp/WhatsApp
```

అందులో `Databases` అంటే సందేశాలు, `Media` అంటే ఫొటోలు, వీడియోలు. మొదటిది చిన్నది కాబట్టి ముందు దాన్నే డ్రైవ్‌లో ఎక్కించి పంపమనండి. రెండోది చాలాసార్లు జీబీల్లో ఉంటుంది, వైఫై ఉన్నచోట తీరిగ్గా ఎక్కించుకోవచ్చు.

ఇప్పుడు మీ వైపు పని. పాత చాట్లూ కొత్త చాట్లూ కలవవు, కాబట్టి అమెరికా వచ్చాక వచ్చినవాటిలో కావలసినవి 'ఎక్స్‌పోర్ట్ చాట్'తో దాచుకుని వాట్సాప్ తీసేయండి. మళ్ళీ ఇన్‌స్టాల్ చేసి, తెరవకుండానే రెండు ఫోల్డర్లనీ పైన చెప్పిన చోటే పెట్టండి. ఫోల్డర్ లేకపోతే అదే పేరుతో తయారు చేయండి. ఇంకో కాపీ డౌన్‌లోడ్స్‌లో ఉంచండి, ఎందుకంటే యాప్ తీసేస్తే ఆ `com.whatsapp` ఫోల్డర్ కూడా పోవచ్చు.

తెరిచాక ఇండియా నంబరే ఇవ్వండి. చాలామంది బోల్తా పడేది ఇక్కడే: ఆ ఫైలు పాత నంబరుకే తెరుచుకుంటుంది, అమెరికా నంబరు ఇస్తే బ్యాకప్ కనపడనే కనపడదు. ఓటీపీ పాలకొల్లులోని సిమ్ముకే వెళ్తుంది. అమ్మగారికి మామూలు కాల్ చేసి చదివించుకోండి. రెండంచెల పిన్ను పెట్టుకుని ఉంటే అదీ కావాలి. ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్ ఆన్‌లో ఉంటే దాని పాస్‌వర్డో, 64 అంకెల కీనో అడుగుతుంది. అది పోతే ఆ ఫైలు పనికిరాదు.

స్టోరేజ్ అనుమతి ఇచ్చి 'రీస్టోర్' నొక్కండి. 'స్కిప్' నొక్కారో, పాత చాట్లు రావు. అలా జరిగితే డౌన్‌లోడ్స్‌లోని కాపీతో మొదటినుంచీ చేయాలి. రీస్టోర్ అయ్యాక ఫొటోలు మసగ్గా కనిపిస్తూ డౌన్‌లోడ్ అవకపోతే, `Media` పూర్తిగా రాలేదనో, వేరే ఫోల్డర్‌లో పడిందనో అర్థం.

చాట్లన్నీ కనపడ్డాకే సెట్టింగ్స్, అకౌంట్, 'చేంజ్ నంబర్' ద్వారా అమెరికా నంబరుకి మారండి. కొత్తది ఐఫోనైతే మాత్రం ఈ దారి పనికిరాదండి, ఈ ఫైళ్ళని అది చదవదు.