కొత్త లిపి: అక్షరాల బొమ్మల కంటే ముందు చేయాల్సిన పని

చి. సుజాతకు ఆశీస్సులు.

నువ్వు పని చేస్తున్న ఏజెన్సీ భాషకు లిపి తయారు చేయాలని పంపిన కాగితాలు చూశాను. నలభై అక్షరాల బొమ్మలు అందంగానే గీశావు. వాటిని ప్రస్తుతానికి బీరువాలో పెట్టు. ఆ భాషలో ఎన్ని అక్షరాలు కావాలో ఇంకా తెలియదు కాబట్టి ఏ బొమ్మ దేనికో కూడా తెలియదు. బొమ్మలు గీయడం వారం పని. ఏ ధ్వనికి అక్షరం ఇవ్వాలి, దేనికి అక్కర్లేదు అని తేల్చడానికి ఏడాది పడుతుంది.

ముందుగా నీ చెవిని నమ్మకు. తెలుగు చెవి రెండు రకాలుగా మోసం చేస్తుంది. తెలుగులో ఉన్న తేడా అక్కడ లేకపోయినా ఉన్నట్టు వినిపిస్తుంది. ఒకే మాటను ఒకరు కాస్త ఊపిరి వదిలి పలికితే నువ్వు ‘ఖ’ అని రాసుకుంటావు, పలికినవాళ్లకు అది ‘క’యే. రెండోది ఇంకా ప్రమాదం: తెలుగులో లేని తేడా అక్కడ ఉంటే నీకు అసలు వినపడదు. గొంతు ఒక్క క్షణం మూసుకుని తెరుచుకునే ధ్వని మన ఏజెన్సీ భాషల్లో చాలాచోట్ల ఉంది. సవరలో నీళ్లకు వాడే మాటలో రెండు అచ్చుల మధ్య ఉన్నది అదే. కొత్తగా వెళ్లినవాళ్లు దాన్ని వదిలేసి ఉత్త ‘డాఅ’ అని రాసుకుంటారు. కాబట్టి మొదటి కొన్ని నెలలు అక్షరాల గురించి ఆలోచించకుండా, విన్న ప్రతి చిన్న తేడానూ ఐపీఏ అనే అంతర్జాతీయ ధ్వని లిపిలో రాసుకో. ప్రతి మాటా రికార్డు చెయ్. wav ఫైలు, 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ చాలు. ఎంపీ3 వద్దు, గొంతు మూత లాంటి సన్నని వివరాలు అందులో చెరిగిపోవచ్చు. మాటను విడిగా చెప్పించడంతో పాటు ఒకే వాక్యంలో ఇరికించి కూడా చెప్పించు. జాబితాలా చదివితే చివరి మాటను అందరూ సాగదీస్తారు. అప్పుడు పొట్టి అచ్చు కూడా పొడుగ్గా వినిపిస్తుంది. వంద మాటల జాబితాతో సరిపెట్టుకోకు. అరుదైన ధ్వనులు అందులో పడవు. వెయ్యిన్నర మాటలు దాటాక కొత్త ధ్వనులు రావడం దాదాపు ఆగిపోతుంది.

ఇక అసలు పని. వర్ణం అంటే ధ్వని కాదు, ఆ భాషవాళ్లకు మాటను మార్చేసే తేడా. దాన్ని తెలుగులోనే సాధన చేసి చూసుకో. ‘మేక’, ‘మేకు’ మెల్లగా పలుకు. ‘మేక’లోని ‘ఏ’ని నోరు బాగా తెరిచి పలుకుతాం, ‘మేకు’లో అంత తెరవం. చెవికి ఇవి రెండు వేర్వేరు అచ్చులు. కానీ ఏది ఎక్కడ వస్తుందో పట్టిక వేసి చూడు: తర్వాతి అచ్చు ‘అ’ అయితే తెరిచిన ఏ, ‘ఉ’ అయితే మూసిన ఏ. ఒకటి వచ్చే చోటికి రెండోది రాదు. ఎక్కడ ఏది రావాలో పక్కనున్న అచ్చే చెబుతున్నప్పుడు వేరే అక్షరం దండగ. మన పెద్దలు ఒకటే పెట్టారు, మనం తడుముకోకుండా చదువుతున్నాం.

ఇప్పుడు ‘బ్యాంకు’ పలుకు. తర్వాత ఉన్నది ‘ఉ’. అయినా అచ్చు తెరిచే పలుకుతున్నాం. ఎరువుమాటలు, అంటే వేరే భాషల నుంచి తెచ్చుకున్న మాటలు, వచ్చి పాత సూత్రాన్ని పగలగొట్టాయి. దానికి కొత్త అక్షరం లేక జనం ‘్యా’ రాసి సర్దుకున్నారు. నీ భాషలోనూ ఇలాంటిది తప్పక తగులుతుంది. అందుకే పట్టిక వేసేటప్పుడు సొంత మాటలు ఒక పక్క, తెలుగు నుంచో ఒడియా నుంచో వచ్చినవి మరో పక్క రాసుకో. ఎరువుమాటల్లో మాత్రమే తేడా కనిపిస్తే వెంటనే అక్షరం ఇవ్వకు. ఆ మాటలు ముసలివాళ్లు కూడా అలాగే పలుకుతున్నారా, బడికెళ్లిన పిల్లలు మాత్రమేనా అని చూసి నిర్ణయించు.

పట్టికతో తేలనివాటికి జంటమాటలు కావాలి. ఒక్క ధ్వని తప్ప మిగతా అంతా ఒకటిగా ఉండి అర్థం మారాలి. సంతాలీలో ‘హొర్’ అంటే దారి, అదే మాట చివర నాలుక మడిచి కొట్టి ‘హొడ్’ అంటే మనిషి. ఈ ఒక్క జంటతో ఆ రెంటికీ వేర్వేరు అక్షరాలు ఖాయం. అనుమానం ఉన్న ప్రతి జతకూ ఇలాంటివి వెతుకు. మాట మొదట్లో, రెండు అచ్చుల మధ్య, చివర అని మూడు చోట్లా విడివిడిగా వెతకాలి. మొదట్లో ఉన్న తేడా చివర మాయమయ్యే భాషలు చాలా ఉన్నాయి.

జంట దొరికింది అనుకున్నాక దాన్ని తేల్చాల్సింది నువ్వు కాదు. ఒక మనిషి పలికిన ఆ రెండు మాటలనూ కలిపి పది రికార్డులుగా, వరస చెదరగొట్టి పెట్టుకో. వాటిని మరో మనిషికి వినిపించి ఏది ఏదో బొమ్మ చూపించమను. పదికి తొమ్మిదో పదో సరిగ్గా చూపిస్తే తేడా నిజం. గుడ్డిగా చూపించి అంత సాధించే అవకాశం నూటికి ఒకటే. ఐదారు దగ్గర ఆగితే అవి వాళ్లకు ఒకే మాట, నీకు వినిపిస్తున్న తేడా నీదే. ఏడెనిమిది వస్తే మరో నలుగురితో చెయ్. తరచుగా అది ఊరి తేడా అవుతుంది. కింది ఊరివాళ్లు రెంటినీ కలిపేసి ఉంటారు, పై ఊరివాళ్లు కలిపి ఉండరు. అలాంటప్పుడు రెండు అక్షరాలూ ఉంచడమే మేలు. కలిపి పలికేవాళ్లు రెండక్షరాలనూ ఒకేలా చదవగలరు. ఒకే అక్షరం పెడితే మాత్రం విడదీసి పలికేవాళ్లు ప్రతిసారీ ఊహించాలి. వాళ్లకు రాయడంలో ఇబ్బంది లేదు, చదవడంలోనే తంటా.

ఇంతవరకూ ఓపిక ఉంటే చాలు, బుద్ధి వాడాల్సింది ఇక్కడి నుంచి. ఒక వర్ణానికి ఒక అక్షరం అన్న సూత్రాన్ని కళ్లు మూసుకుని పాటిస్తే ఒకే మాట ముక్క రెండు మూడు రూపాల్లో రాయాల్సి వస్తుంది. దీన్ని నేర్చుకోవడానికి ఓల్ చికీ కంటే మంచి పాఠం నాకు తెలియదు. ఒడిశాలోని మయూర్‌భంజ్ ప్రాంతపు రఘునాథ్ ముర్ము 1925లో సంతాలీకి చేసిన లిపి అది. మొత్తం ముప్ఫై అక్షరాలు, అచ్చులు కూడా గుణింతంగా కాక విడి అక్షరాలుగా హల్లు పక్కనే కూర్చుంటాయి. సంతాలీలో మాట చివర నొక్కి ఆపేసే హల్లులు నాలుగు ఉన్నాయి. క్, చ్, త్, ప్ అనబోయి గాలి వదలకుండా ఆపితే వచ్చేవి. వీటి తర్వాత అచ్చు తగిలితే అవే గ్, జ్, ద్, బ్ అవుతాయి. ‘దాల్’ అంటే కొట్టడం. దానికి గతకాలపు ‘కెత్’ చేరి, ఆ తర్వాత ‘వాళ్లను’ అనే ‘కొ’ వస్తే ఆ త్ నొక్కినట్టే ఉంటుంది. ‘వాణ్ణి’ అనే ‘ఎ’ వస్తే అదే ముక్క ‘కెద్’ అయిపోతుంది. చెవికి వినిపించినట్టు రాస్తే ఒకే ప్రత్యయానికి రెండు వేషాలు.

ముర్ము నొక్కిన త్‌కూ ద్‌కూ కలిపి ‘ఉద్’ అనే ఒకే అక్షరం ఇచ్చాడు. మిగతా మూడు జతలకూ అదే పద్ధతి. వీటిలో ఏది పలకాలో తర్వాత అచ్చు ఉందా లేదా అన్నదాన్ని బట్టి చదివేవాడికి తెలిసిపోతుంది. ప్రత్యయం మాత్రం ఎప్పుడూ ఒకే రూపంలో కంటికి కనిపిస్తుంది. నొక్కకుండా గాలి వదిలే మామూలు ‘త్’ సంతాలీలో వేరే ఉంది కనుక దానికి వేరే అక్షరం. మరి ఎరువుమాటల్లో హల్లు ముందో చివరో గట్టిగా ‘ద్’ అనే పలకాల్సి వస్తే? దానికోసం ‘అహద్’ అనే చిన్న గుర్తు పెట్టారు. అరుదైనదానికి అదనపు గుర్తు, తరచు వచ్చేదానికి ఉత్త అక్షరం. నీ పట్టికలో రెండు ధ్వనులు ఒకదాని చోటికి ఒకటి రాకపోయినా, ప్రత్యయం చేరినప్పుడు ఒకటి మరోటిగా మారుతున్నా వాటిని ఇలాగే కలుపు. కానీ ఆ మార్పు అన్ని మాటల్లోనూ తప్పకుండా జరగాలి. కొన్ని మాటల్లో జరిగి కొన్నింట్లో జరగకపోతే వినిపించినట్టే రాయి. లేకపోతే చదివేవాడు మాటలను బట్టీ పట్టాలి.

ఒత్తు హల్లుల విషయంలోనూ ముర్ము లెక్క చూసుకున్నాడు. ఖ, ఘ లాంటివాటికి పది కొత్త అక్షరాలు పెట్టకుండా హల్లు పక్కన ‘ఒహ్’ అనే ఒక్క అక్షరం చేర్చమన్నాడు. సూత్రం ప్రకారం అది తప్పే. అయినా హల్లు, ఆ వెంటనే విడి ‘హ’ వచ్చే మాటలతో తికమక లేనంతవరకు ఇలాంటి జంట అక్షరం మంచిదే.

ఇప్పుడు బొమ్మల సంగతి. నీ భాషవాళ్ల పిల్లలు తెలుగు బడికి వెళ్తున్నారు కాబట్టి, ఊరివాళ్లు సొంత లిపే కావాలని పట్టుబడితే తప్ప, నా ఓటు తెలుగు అక్షరాలకే. మనం వాడటం మానేసిన ‘ఱ’ ఖాళీగా ఉంది. ‘కొండ’ అనే ద్రావిడ భాషలోలా రెండు రకాల ‘ర’ ధ్వనులు ఉన్న చోట అది చక్కగా అతుకుతుంది. శ, ష, ఋ, ఒత్తు హల్లులు అక్కర్లేకపోతే తీసెయ్. ఉంటే పిల్లలు ఎక్కడో ఒకచోట వాడాలని చూస్తారు.

గొంతు మూతకు అపోస్ట్రఫీ పెట్టాలని నీకు అనిపిస్తుంది. జాగ్రత్త. ఫోన్ కీబోర్డులో మామూలుగా వచ్చేది U+0027 అయినా U+2019 అయినా విరామచిహ్నమే. దాని దగ్గర కంప్యూటరు మాటను రెండు ముక్కలు చేయవచ్చు, అప్పుడు వెతికితే మాట దొరకకపోవచ్చు. అక్షరంగా లెక్కించే U+02BC వేరే ఉంది గానీ దాన్ని ఊళ్లో ఎవరూ టైపు చేయలేరు. ఆ ధ్వని అచ్చు తర్వాతే వస్తుంటే విసర్గ వాడి చూడు. ప్రతి ఫాంటులోనూ ఉంది, ప్రతి కీబోర్డులోనూ ఉంది. బడికెళ్లినవాళ్లు దాన్ని ‘అహ’ అని చదివే ప్రమాదం మాత్రం ఉంది. అది ఎంత ఉందో పరీక్షలో తెలుస్తుంది.

ఆ పరీక్ష ఇలా చెయ్. తెలుగు చదవడం వచ్చిన ఆరుగురిని తీసుకో. కొత్త గుర్తులు అరగంట నేర్పించు. వాళ్లు ఎన్నడూ వినని నూట ఇరవై మాటల కథను గట్టిగా చదివించి, ఆగిన ప్రతి చోటా గీత పెట్టు. ఒకే అక్షరం దగ్గర అందరూ ఆగితే బొమ్మ తప్పు, మార్చు. ఒకే మాట దగ్గర ఆగితే బహుశా నువ్వు వర్ణాన్ని తప్పుగా తేల్చావు, జంటమాటల దగ్గరికి మళ్లీ వెళ్లు. ఆ తర్వాత మరో ఆరుగురికి ఇరవై మాటలు డిక్టేషన్ చెప్పు. ఒక మాటను ముగ్గురు మూడు రకాలుగా రాస్తే ఎవరిదీ తప్పని దిద్దకు, మూడు కాగితాలూ దాచు. ఒక గుర్తును అందరూ వదిలేస్తున్నారంటే రెండే కారణాలు. అది వాళ్లకు అవసరం లేనిదై ఉండాలి, లేదా నువ్వు దాన్ని అక్షరంలా కాక తలమీద చుక్కలా పెట్టి ఉండాలి. ముందు రెండోది సరిచేసి చూడు. అప్పటికీ వదిలేస్తే తీసెయ్.

వాచకాలు యాభై కాపీలకు మించి వేయించకు. రెండో విడత పరీక్ష అయ్యాక ఆ కాగితాలు నాకు పంపు, నిఘంటువు సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.

మీ మాస్టారు