ఫోటో చూసి టైప్-సి పోర్టును గుర్తుపట్టడం ఎలా?

ప్రశ్న: ల్యాప్‌టాప్ పక్కనున్న చిన్న పోర్టు ఫోటో పెట్టాను. ఇది టైప్-సి నా? దీనికి టీవీ కలపొచ్చా?

అవును, టైప్-సి నే. కానీ టీవీకి పనిచేస్తుందో లేదో ఆకారం చెప్పదు, పక్కనున్న గుర్తు చెబుతుంది.

మీ ఫోటోలో రంధ్రం రెండు చివర్లా ఒకేలా గుండ్రంగా ఉంది, మధ్యలో సన్నని నాలుక ఉంది. వెడల్పు 8 మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ. పాత ఫోన్లలోని మైక్రో యూఎస్‌బీ అయితే ఒకవైపు మూలలు ఏటవాలుగా కోసినట్టు ఉంటాయి, అందుకే దాని పిన్ను ఒకవైపే దూరుతుంది.

టీవీలో బొమ్మ రావాలంటే ల్యాప్‌టాప్ తయారీదారు ఆ పోర్టుకు లోపల డిస్‌ప్లే లైన్లు కూడా కలిపి ఉండాలి. ఖర్చు తగ్గించడానికి చాలామంది కలపరు.

ఉదాహరణకు, నల్లగొండలో ఒక స్టూడెంట్ టైప్-సి నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే అడాప్టర్ కొనబోతున్నాడనుకోండి. పోర్టు పక్కన D, P అక్షరాలు కలిసిన గుర్తో, మెరుపు బాణం ఉన్న థండర్‌బోల్ట్ గుర్తో ఉంటే కొనొచ్చు. SS అని మాత్రమే ఉంటే అది డేటా వేగం గుర్తు, బొమ్మకు భరోసా కాదు. ఏ గుర్తూ లేకపోతే మోడల్ నంబర్‌తో స్పెసిఫికేషన్లలో ఆ పోర్టు ఎదురుగా DisplayPort అని రాసి ఉందేమో చూడాలి. కొన్ని కంపెనీలు గుర్తు వేయకుండానే ఆ సౌకర్యం ఇస్తాయి.

పిన్ను సరిగ్గా దూరితే అన్నీ పనిచేస్తాయనుకోవడమే చాలామంది చేసే పొరపాటు. అప్పుడు ఛార్జింగ్ ఎక్కినా, టీవీలో మాత్రం ‘నో సిగ్నల్’ అనే వస్తుంది.