స్టాకు షీటులో పదే పదే తప్పులు: పనివాళ్లకిచ్చే నోటులో ఏం రాయాలి?

*"చిన్న దుకాణం మాది. ముగ్గురం ఒకే ఎక్సెల్ షీటులో స్టాకు ఎక్కిస్తాం. ప్రతి నెలా షీటు ఒక లెక్క చెబుతుంది, అల్మారా ఇంకో లెక్క చెబుతుంది. జాగ్రత్తగా రాయండని నాలుగుసార్లు చెప్పాను, మళ్లీ అవే తప్పులు. నియమాలు కాగితం మీద రాసి ఇద్దామనుకుంటున్నాను. ఏమేం రాయాలి?"*

ముందు ఏ రకం తప్పులు పడుతున్నాయో పట్టుకోండి, నోటు ఆ తర్వాత రాయండి. ఈ తప్పుల్లో చాలావరకు రాసినవాళ్ల కంటికి తప్పుల్లా కనబడవు. గడిలో ఉన్నది చదివితే సరిగ్గానే ఉంటుంది, ఎక్సెల్ మాత్రం దాన్ని లెక్కలోకి తీసుకోదు. అందుకే ఎంత జాగ్రత్తగా ఉన్నా మళ్లీ పడుతుంటాయి.

ఒక సరుకు తీసుకుని చూద్దాం. 200 పేజీల నోటుపుస్తకం, కోడ్ N200. మొదట 48 వచ్చాయి. తర్వాత 6, 10, 4 చొప్పున అమ్ముడయ్యాయి. మధ్యలో ఇంకో రెండు డజన్లు వచ్చాయి. ఆ వరుస రాసినవాళ్లు సంఖ్య గడిలో "2 డజన్లు" అని కొట్టారు. అల్మారాలో లెక్కపెడితే 52 ఉన్నాయి, షీటు 28 అంటోంది. నిల్వ లెక్క సాధారణంగా ఇలా ఉంటుంది:

```
=SUMIFS(E:E,C:C,"N200",D:D,"వచ్చింది")-SUMIFS(E:E,C:C,"N200",D:D,"అమ్మింది")
```

అంకె పక్కన ఒక్క అక్షరం చేరినా ఆ గడి మొత్తం ఎక్సెల్‌కి మాట అయిపోతుంది. SUMIFS మాటల్ని మొత్తంలో కలపదు, అలాగని ఎర్రరూ చూపించదు. చడీచప్పుడూ లేకుండా దాటుకుంటూ పోతుంది. ఇక్కడ 24 అలాగే పోయాయి.

తేడా ఎంత వచ్చిందన్నది చూస్తే తప్పు ఏ రకమో చాలాసార్లు దొరికిపోతుంది. తేడా ఏదో ఒక వరుసలోని సంఖ్యకి సరిగ్గా సమానమైతే, ఆ వరుస లెక్కలోకి రాలేదు, లేదా రెండుసార్లు ఎక్కింది. ఒక వరుసలోని సంఖ్యకి రెట్టింపు అయితే, అమ్మినదాన్ని వచ్చిందని రాశారు, లేదా వచ్చినదాన్ని అమ్మిందని రాశారు. తేడా 9తో నిశ్శేషంగా పోతే అంకెలు తారుమారై ఉండొచ్చు: 45 బదులు 54 కొడితే తేడా 9, 36 బదులు 63 కొడితే 27. 11తో పోతే డజన్లని విడిగా అనుకుని ఎక్కించారేమో చూడండి: 24 బదులు 2 రాస్తే తేడా 22, 36 బదులు 3 రాస్తే 33. ఒకే సరుకులో రెండు తప్పులు కలిసిపోతే ఈ గుర్తులేవీ పనికిరావు. అందుకే నెలాఖరు దాకా ఆగకుండా వారానికోసారి చూడమంటాను.

ఈ లెక్కన గత రెండు నెలల తేడాలు విప్పి చూస్తే మీ దుకాణంలో పదే పదే పడే తప్పులు నాలుగో ఐదో తేలతాయి. నోటులో వాటికే నియమాలు రాయండి. ఇరవై నియమాలు పెడితే ఎవరికీ ఒక్కటీ గుర్తుండదు. ప్రతి నియమం పక్కనే కారణం కూడా రాయండి, కారణం తెలిస్తే కొత్త సందర్భం ఎదురైనప్పుడు వాళ్లే సరిగ్గా నిర్ణయించుకుంటారు. ఎవరి పేరూ ఎత్తొద్దు. పేరు ఎత్తితే తర్వాతి తప్పు మీ దాకా రాదు, గడిలోనే దిద్దేసి ఊరుకుంటారు. నేనైతే ఇలా రాస్తాను:

> స్టాకు షీటు రాసే అందరికీ,
>
> రేపటి నుంచి షీటులో ఏడు నిలువు వరుసలు ఉంటాయి: క్రమసంఖ్య, తేదీ, కోడ్, రకం, సంఖ్య, రాసినవారు, రిమార్కు. రకంలో "వచ్చింది" లేదా "అమ్మింది" ఉంటుంది. ఒక సరుకు ఒకసారి కదిలితే ఒక అడ్డ వరుస. రెండు సరుకులు కలిపి ఒకే వరుసలో రాయొద్దు.
>
> సంఖ్య గడిలో అంకెలు తప్ప ఏమీ ఉండకూడదు. ఎప్పుడూ విడి లెక్కలోనే రాయండి. రెండు డజన్లు వస్తే 24 అని కొట్టండి, "2 డజన్లు వచ్చాయి" అన్నది రిమార్కులో రాయండి. అంకె పక్కన అక్షరం ఉంటే ఎక్సెల్ ఆ వరుసని మొత్తంలో కలపదు.
>
> తేదీ చేత్తో కొట్టొద్దు. Ctrl నొక్కి ; కొడితే ఈరోజు తేదీ పడుతుంది. నిన్నటిది రాయాల్సి వస్తే సంవత్సరం ముందు పెట్టి 2025-04-03 లాగా కొట్టండి. =TODAY() వాడొద్దు, అది రేపు తెరిచేసరికి రేపటి తేదీ అయిపోతుంది.
>
> కోడ్, రకం జాబితాలోంచే ఎంచుకోండి. వేరేచోటి నుంచి కాపీ చేసి పేస్ట్ చెయ్యొద్దు. గడి మూల పట్టుకుని కిందికి లాగొద్దు. పై గడిలో ఉన్నదే కావాలంటే Ctrl+D కొట్టండి. కొత్త సరుకు జాబితాలో లేకపోతే దగ్గరి కోడ్ వాడొద్దు, నాకు చెప్పండి, నేను చేరుస్తాను.
>
> పాత వరుసని దిద్దొద్దు, తీసెయ్యొద్దు. తప్పు పడితే అదే కోడ్, అదే రకంతో మైనస్ వరుస ఒకటి రాసి, సరైనది దాని కింద రాయండి. క్రమసంఖ్య 118లో 45 బదులు 54 అమ్మినట్టు పడితే, కొత్త వరుసలో -54, దాని కింద 45. రెండింటి రిమార్కులోనూ "118 దిద్దుబాటు" అని రాయండి. దిద్దుబాటు రాసినందుకు ఎవరినీ ఏమీ అనను.
>
> సాయంత్రం మూసేముందు పైన ఉన్న రెండు తనిఖీ గడులు చూడండి. రెండూ 0 ఉండాలి. లేకపోతే ఆరోజు వరుసలు చూసి, ఏది తప్పో దొరక్కపోతే నాకు చెప్పి వెళ్లండి.

ఇందులో కిందికి లాగొద్దన్న మాట చిన్నదిగా కనిపిస్తుంది గానీ అన్నింటికంటే చెడ్డ తప్పు అక్కడే పడుతుంది. N200 ఉన్న గడి మూల పట్టుకుని మూడు గడులు కిందికి లాగండి. N200 మూడుసార్లు రాదు, N201, N202, N203 అని పడతాయి. చివర అంకె ఉన్న మాటని ఎక్సెల్ వరుసక్రమం అనుకుని పెంచుకుంటూ పోతుంది. N201 అనే సరుకు మీ దగ్గర నిజంగానే ఉంటే ఆ తప్పు షీటులోని ఏ తనిఖీకీ దొరకదు. ఒక సరుకు తగ్గి ఇంకోటి పెరుగుతుంది, అంతే. కొత్తగా కోడ్‌లు పెట్టుకునేవాళ్లయితే N200A లాగా మొదటా చివరా అక్షరం వచ్చేటట్టు పెట్టుకోండి, లాగినా మారదు.

తేదీ సంగతి మీ కంప్యూటరులోని ప్రాంతం సెట్టింగు మీద ఆధారపడి ఉంటుంది. అది నెల ముందు, రోజు తర్వాత అన్న పద్ధతిలో ఉంటే, ఏప్రిల్ 3 అనుకుని 03/04 కొట్టినది మార్చి 4 అయిపోతుంది. 25/04/2025 కొడితే 25వ నెల లేదు కాబట్టి అది తేదీయే కాకుండా మాటగా మిగులుతుంది. అంటే ప్రతి నెలా మొదటి 12 రోజుల తేదీలు దాదాపు అన్నీ గుట్టుగా తప్పు పడతాయి, 13 నుంచి గడిలో ఎడమవైపుకి అంటుకుని కనిపిస్తాయి. ఈ రెండూ కలిసి కనిపిస్తే కారణం ఇదే. తేదీ నిలువు వరుసకి dd-mmm-yyyy ఫార్మాటు పెట్టండి. నెల అక్షరాల్లో వస్తే తప్పు వెంటనే కంటికి తగులుతుంది.

నోటు ఇచ్చేముందు షీటులో మీరు చెయ్యాల్సిన పని ఒక అరగంట ఉంది. సంఖ్య నిలువు వరుస ఎంచుకుని Data మెనూలో Data Validation తెరిచి, Whole number పెట్టి, కనిష్ఠం -500, గరిష్ఠం 500 ఇవ్వండి. మీ దగ్గర ఒకేసారి అంతకంటే ఎక్కువ కదిలితే ఆ మేరకు పెంచుకోండి. కోడ్‌కీ రకానికీ List పెట్టండి. ఇక ఎవరైనా "2 డజన్లు" అని కొడితే గడి ఒప్పుకోదు. ఇది కొట్టినదాన్ని మాత్రమే ఆపుతుంది, పేస్ట్ చేసినదాన్ని ఆపదు. పైగా ఇంకో ఎక్సెల్ గడిని కాపీ చేసి మామూలుగా పేస్ట్ చేస్తే, ఆ గడికి పెట్టిన కాపలా కూడా చెరిగిపోతుంది. నోటులో పేస్ట్ వద్దన్నది అందుకే. ఇంకో కారణం, మెసేజీలోంచి తెచ్చిన కోడ్ చివర ఒక ఖాళీ ఉండిపోవచ్చు. "N200 " అని ఉంటే కంటికి తేడా తెలియదు, SUMIFS మాత్రం దాన్ని వేరే సరుకుగా చూస్తుంది. అనుమానం వస్తే =LEN(C118) కొట్టి చూడండి, 4 రావాల్సినచోట 5 వస్తే ఖాళీ ఉన్నట్టే.

సాయంత్రం తనిఖీ గడులకి, సంఖ్య E లోనూ తేదీ B లోనూ ఉంటే:

```
=COUNTA(E2:E5000)-COUNT(E2:E5000)
=COUNTA(B2:B5000)-COUNT(B2:B5000)
```

COUNTA నిండిన గడులన్నీ లెక్కపెడుతుంది, COUNT అంకెలున్నవి మాత్రమే. తేదీ కూడా ఎక్సెల్‌కి లోపల అంకే కాబట్టి రెండోది కూడా పనిచేస్తుంది. 3 వచ్చిందంటే మూడు గడుల్లో మాటలున్నాయి. ఈ రెండు సూత్రాలూ తలవరుసలో, H1, I1 గడుల్లో పెట్టి, View మెనూలోని Freeze Top Row తో ఆ వరుసని కదలకుండా ఉంచండి. నిల్వ లెక్క మాత్రం Cut చేసి వేరే షీటులో పేస్ట్ చేసి Review మెనూలో Protect Sheet చెయ్యండి. సూత్రం ఉన్న గడిలో పొరపాటున అంకె పడితే ఆ సరుకు నిల్వ అక్కడితో ఆగిపోతుంది, అది తెలిసేసరికి వారాలు పడుతుంది.

పాత వరుసలు మిగిలాయి. Data Validation ఇప్పటికే ఉన్నవాటిని పట్టించుకోదు. అదే మెనూలో Circle Invalid Data నొక్కితే నియమానికి లొంగని గడుల చుట్టూ ఎర్ర గీత పడుతుంది. వాటిని మీరొక్కరే కూర్చుని సరిచేసి, అల్మారా మొత్తం ఒకసారి లెక్కపెట్టి, ఆ సంఖ్యలతోనే కొత్త షీటు మొదలుపెట్టండి. తర్వాత వారానికి ఒక పది కోడ్‌లు, ప్రతిసారీ వేరేవి, అల్మారాలో లెక్కపెట్టి షీటుతో పోల్చండి. N200 బదులు జాబితాలో పొరపాటున N201 ఎంచుకున్న తప్పు అల్మారా దగ్గర తప్ప ఇంకెక్కడా బయటపడదు.