బొల్లి చేతులు, కొట్లో చిల్లర

"పర్లాకిమిడిలో మా బట్టల కొట్లో కూర్చుంటాను. చేతుల మీద బొల్లి. క్రీము రాసుకున్నా, చిల్లర బల్ల మీద పెట్టమంటున్నారు. చెప్పాలా, దాచాలా?"

తమ్ముడూ, దాచడం భుజం మీద మచ్చకి పనికొస్తుంది. అక్కడ తేల్చుకోవాల్సింది ఎవరికి చెప్పాలన్నదే. చిల్లర ఇచ్చే చేతి దగ్గర సమస్య వేరు, ఎదుటివాళ్ల బెదురు తగ్గించాలి. ఎర్వింగ్ గాఫ్‌మన్ అనే సామాజిక శాస్త్రవేత్త 1963లోనే ఈ రెంటినీ విడదీసి చెప్పాడు. నువ్వేమో రెండోదానికి మొదటిదాని మందు వేస్తున్నావు. మధ్యాహ్నానికి చెమటకి క్రీము కరిగి వేళ్ల సందుల్లో తెలుపు బయటపడిందనుకో, "ఏదో దాస్తున్నాడు" అన్న అనుమానం కూడా తోడవుతుంది.

నాకు పెదవి మీద ఉంది, నాదీ కొట్టే. చూపు అక్కడ ఆగగానే, "బొల్లండీ, అంటుకోదు. ఏ రంగు చీర తియ్యమంటారు?" అంటాను. ఒడియా వాళ్లకి ఒడియాలోనే. అసలు పని చేసేది రెండో వాక్యం. వాళ్ల కళ్లు చీరల మీదికి మళ్లుతాయి. రోగం గురించి పాఠం మొదలెట్టావో, ఇద్దరికీ ఇబ్బందే. కుష్ఠు అనుకుని జంకేవాళ్లకి మాత్రం ఇంకొక్క మాట చెబుతాను: ఆ మచ్చల్లో సాధారణంగా స్పర్శ తగ్గుతుంది, బొల్లిలో తగ్గదు.

పెళ్లిచూపులకి ఇది చాలదు. అక్కడ మధ్యవర్తి చేత ముందే చెప్పించు.