తడిసిన దస్తావేజును తాకట్టు పెట్టకండి

*మాది జ్ఞానాపురంలో గ్రౌండ్ ఫ్లోర్ సొంతిల్లు. మొన్నటి వానకి ఇంట్లోకి మోకాలి లోతు నీళ్లొచ్చాయి. బీరువా కింది అరలో ఉన్న ఇంటి దస్తావేజు, ఎఫ్‌డీ రసీదు, పాలసీలు, ఆధార్ కార్డులు అన్నీ తడిసి ముద్దయ్యాయి. నా ఫోన్ కూడా పాడైంది. 2 లక్షల ఎఫ్‌డీ ఉంది గానీ రసీదు చినిగిపోయింది, బ్యాంకుకి ఏం పట్టుకెళ్లను? ఇల్లు బాగు చేయించడానికి 80 వేలు కావాలి. తెలిసినాయన 3 రూపాయల వడ్డీకి ఇస్తానంటున్నారు, ఇంటి దస్తావేజు తన దగ్గర ఉంచమంటున్నారు. ఇకముందు కాగితాలు ఎలా దాచుకోవాలో కూడా చెప్పండి సార్.*
*— ఒక పాఠకురాలు, విశాఖపట్నం*

దస్తావేజు ఆయన చేతికి ఇవ్వకండమ్మా. మిగతావన్నీ తర్వాత. 3 రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. 80 వేలకి నెలకు 2,400, ఏడాది తిరిగేసరికి 28,800 వడ్డీకే పోతుంది, అసలు ఒక్క రూపాయి తగ్గదు. మీ ఎఫ్‌డీ మీదే బ్యాంకు అప్పు ఇస్తుంది. ఎఫ్‌డీకి వచ్చే వడ్డీ కన్నా సాధారణంగా ఒకటి రెండు శాతం ఎక్కువ తీసుకుంటారు. 8.5 శాతం అనుకున్నా ఏడాదికి 6,800. ఇంతోటిదానికి ఇంటి ఒరిజినల్ ఇంకొకరి బీరువాలో పెట్టడమా? దాంతోపాటు ఖాళీ ప్రోనోటు మీద సంతకం, ఖాళీ చెక్కు కూడా అడుగుతారు. ఇంకా అడగలేదంటే రేపు అడుగుతారు.

రసీదు చినిగితే ఎఫ్‌డీ పోదు. ఆ డబ్బు మీ పేరున బ్యాంకు కంప్యూటర్‌లో ఉంది. మీ సొంత బ్రాంచికి వెళ్లి, రసీదు వరదలో పాడైందని ఉత్తరం రాసివ్వండి. తర్వాత ఏ చిక్కొచ్చినా బాధ్యత నాదేనని రాసిచ్చే ఇండెమ్నిటీ బాండ్ అడిగితే సంతకం పెట్టండి. మీరెవరో వాళ్లకు నమ్మకం కలిగితే చాలు. మీ అసలు చిక్కు అక్కడే ఉంది.

చాలామంది ఇళ్లలో జరిగే పొరపాటు ఇదే కాబట్టి మీ ఉత్తరం ఎంచుకున్నాను. అత్యవసర నిధి మీకు ఉంది, కానీ అవసరమైన వారం అది చేతికి రాలేదు. ఫోన్ పోయింది కాబట్టి ఓటీపీ రాదు. ఓటీపీ లేకపోతే నెట్ బ్యాంకింగ్ లేదు, డిజిలాకర్ తెరుచుకోదు, ఇ-ఆధార్ దిగదు. కొత్త సిమ్ తీసుకుందామంటే గుర్తింపు కావాలి, ఆధార్ కార్డేమో తడిసిపోయింది. పైగా డూప్లికేట్ సిమ్ ఇచ్చాక మోసాలు జరగకుండా మొదటి 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆపేస్తారు, అంటే ఇంకో రోజు ఓటీపీ లేదు. ఆధార్ నంబరు తెలిస్తే వేలిముద్రతో సిమ్ ఇస్తారు కాబట్టి తడిసిన కార్డు మీద ఆ 12 అంకెలు కనిపిస్తున్నాయేమో చూడండి. ముందు సిమ్, మర్నాడు బ్యాంకు.

అందుకే కాగితాలు దాచుకునే వానాకాలం సంచిని నేను రెండుగా చేయమంటాను. మామూలుగా అందరూ ఇంటి దస్తావేజుతో మొదలుపెడతారు. వరద వచ్చిన వారం దస్తావేజుతో మీకు పనేం ఉండదు. మొదటి సంచిలో డబ్బు తెచ్చిపెట్టేవి ఉండాలి: బ్యాంకు పాస్‌బుక్, ఏటీఎం కార్డు ఇంకొకటి ఉంటే అది, అందరి ఆధార్, పాన్, రేషన్ కార్డు, ఆరోగ్య బీమా కార్డు, ఇంటికీ బండికీ ఉన్న పాలసీల మొదటి పేజీ. వీటితో పాటు ఒక కాగితం మీద ఖాతా నంబర్లు, ఎఫ్‌డీ నంబర్లు, పాలసీ నంబర్లు, ముఖ్యమైన ఫోన్ నంబర్లు బాల్ పెన్నుతో రాయండి. పిన్, పాస్‌వర్డ్ మాత్రం రాయొద్దు. ఒక 5 వేలు వందలు, రెండొందల నోట్లుగా ఉంచండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ కొట్టాక మన ఊళ్లో కరెంటు, ఫోన్లు లేక ఏటీఎంలు మూగబోయిన రోజులు గుర్తున్నవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఫోన్‌పే ఉందిగా అనేవాళ్లకే చెప్తున్నాను.

రెండో సంచిలో దస్తావేజు, లింకు దస్తావేజులు, పుట్టిన సర్టిఫికెట్లు, పిల్లల మార్కుల లిస్టులు. కూరగాయలకిచ్చే జిప్ కవరు సరిపోదు, దాని మూలల్లోంచి నీళ్లు ఊరతాయి. మూతి మూడు మడతలు చుట్టి క్లిప్పు పెట్టే డ్రై బ్యాగ్ కొనండి. లోపల ఒక టిష్యూ కాగితం పెట్టి, బకెట్ నీళ్లలో అరగంట ముంచి చూడండి. టిష్యూ పొడిగా ఉంటేనే ఒరిజినల్స్ పెట్టండి. సంచి ఉండాల్సింది బీరువా పై అరలో. బ్యాంకు లాకర్ ఉంటే పెట్టుకోవచ్చు గానీ, వరదలో లాకర్‌లోని వస్తువు పాడైతే బ్యాంకు బాధ్యత ఉండదు, వాళ్ల నిర్లక్ష్యం తేలితే తప్ప. లాకర్ గది సెల్లార్‌లో ఉందేమో ముందే చూసుకోండి.

డిజిటల్ కాపీల విషయంలో ఒక తేడా గమనించాలి. డిజిలాకర్‌లో ఆయా శాఖల నుంచే వచ్చే ఆధార్, లైసెన్సు, ఆర్సీ లాంటివి చట్టప్రకారం ఒరిజినల్‌తో సమానం. మీరే ఫోటో తీసి అప్‌లోడ్ చేసింది సమానం కాదు, అది జ్ఞాపకానికి మాత్రమే. అయినా దస్తావేజును పేజీ పేజీ ఫోటో తీయండి. దాని మీదుండే దస్తావేజు నంబరు, సంవత్సరం, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పేరు, ఈ మూడూ ఉంటే ఆ ఆఫీసులో నకలు తెచ్చుకోవచ్చు. ఫోటోలన్నీ ఒక్క ఫోన్‌లోనే ఉంచొద్దు. మేడ మీద ఉండే చెల్లెలో, వేరే ఊళ్లో ఉన్న అబ్బాయో, వాళ్ల దగ్గర పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ ఉండాలి.

తడిసిన దస్తావేజు మరకలు పడినంత మాత్రాన చెల్లకుండా పోదు. ఎండలో పెట్టకండి, ఇస్త్రీ చేయకండి, లామినేషన్ అసలు వద్దు, లోపలి తేమ బయటికి పోదు. పేజీలు వాటంతటవే విడిపోతే మధ్యలో తెల్లకాగితాలు పెట్టి ఫ్యాన్ గాలికి ఆరనివ్వండి. అతుక్కుంటే లాగొద్దు. రెండు రోజుల్లో ఆరవనిపిస్తే కవర్లో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచండి, బూజు పట్టకుండా ఆగుతుంది. మీ ఫ్రిజ్ కూడా నీళ్లలో పాడై ఉంటే పక్కింటివాళ్లని అడగండి. నకలు ఎలాగూ ఇప్పుడే తీయించుకోండి.

ఇంటికి ఇంతకుముందు లోను ఉంటే దాంతో పాటు అంటగట్టిన ఇంటి బీమా ఇంకా నడుస్తోందేమో బ్యాంకులో అడగండి. నడుస్తుంటే ఇవాళే బీమా కంపెనీకి ఫోన్ చేసి చెప్పండి. గోడ మీది నీటి గీత కనిపించేలా ఫోటోలు తీయకుండా కడగొద్దు, బీమా సర్వేయర్ చూడకుండా పాడైన ఫ్రిజ్ పాతసామానువాడికి అమ్మొద్దు. బంగారం మీద అప్పు చివరి దారి, అది కూడా బ్యాంకులోనే.

ఎఫ్‌డీ గడువు తీరాక 2 లక్షలూ ఒకే రసీదుగా వేయకండి. 50 వేల చొప్పున నాలుగు వేయండి, ఇంకో 20 వేలు సేవింగ్స్ ఖాతాలో కదపకుండా ఉంచండి. మీ వారి పేరు కూడా చేర్చి, ‘ఎవరైనా ఒకరు’ తీసుకునేలా జాయింట్ ఖాతా పెట్టండి. అప్పుడు ఆయన నంబరు కూడా బ్యాంకులో ఉంటే, మీ ఫోన్ మునిగినా ఆయన ఫోన్‌కి ఓటీపీ వస్తుంది, అవసరమైతే ఒక ఎఫ్‌డీ విరిచినా మిగతా మూడింటి వడ్డీకి దెబ్బ తగలదు.